పసుపు పుస్తకం చదవడం ఎలా? ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రంలో తేదీలు, బ్యాచ్ నంబరు, ప్రయాణానికి చెల్లుబాటు

మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల నుంచి, బెంగళూరు, చెన్నై, బరంపురం, షోలాపూరు తెలుగు ఇళ్ల నుంచి పిల్లలు ఉద్యోగాలకు ఆఫ్రికా దేశాలకు వెళ్లడం ఇప్పుడు కొత్త సంగతి కాదు. కెన్యా, ఉగాండా, నైజీరియా, ఘానా అనే పేర్లు మా సంఘం సభ్యుల ఇళ్లలో తరచూ వినబడుతున్నాయి. ప్రయాణం కుదిరిందనగానే పాస్‌పోర్టు, వీసా, టికెట్టు అందరూ జాగ్రత్తగా చూసుకుంటారు. టీకా వేయించుకున్నాక చేతికిచ్చే చిన్న పసుపు పుస్తకాన్ని మాత్రం తెరిచి చదివేవారు తక్కువ. "సూది వేశారు, ముద్ర కొట్టారు, అయిపోయింది" అనుకుంటారు.

మేము ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా ఓచర్లు, బిల్లులు సరిచూసినవాళ్లం. కాగితం మీద ముద్ర ఉన్నంత మాత్రాన కాగితం సరైనదని నమ్మే అలవాటు మాకు లేదు. కిందటేడాది ఫిబ్రవరిలో మా సంఘ కార్యాలయానికి ఒక పుస్తకం వచ్చింది. అందులో ముద్ర ఉంది, సంతకం ఉంది, అయినా మూడు తప్పులున్నాయి. ఆ సంగతి చివర్లో వివరంగా చెబుతాం. ముందు పుస్తకాన్ని వరుసగా చదవడం తెలుసుకుందాం.

ఇది ఏ కాగితం?

దీని పూర్తి పేరు టీకా లేదా రోగనిరోధక చికిత్సకు అంతర్జాతీయ ధ్రువపత్రం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు ఒప్పుకున్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు, 2005లో దీని నమూనా ఉంది. అందుకే ఏ దేశంలో అచ్చువేసినా గడులు ఒక్కటే. ఎంటెబ్బే విమానాశ్రయంలోని అధికారి బెంగళూరులో రాసిన పుస్తకాన్ని చదవగలగడానికి కారణం ఇదే.

కోవిడ్ సమయంలో మనందరి ఫోన్లలోకి వచ్చిన కోవిన్ ధ్రువపత్రం వేరు, ఇది వేరు. అది కంప్యూటరు ఇచ్చినది, దాన్ని కోడ్ స్కాన్ చేసి సరిచూస్తారు. పసుపు పుస్తకం చేత్తో నింపినది. దీన్ని చూసే అధికారి సాధారణంగా కంటితోనే చూసి తేలుస్తాడు. కాబట్టి చేత్తో నింపినవాళ్లు ఎక్కడ పొరబడ్డారో ఇంట్లో మనమే ముందు చూసుకోవాలి.

ఇంకొక మాట. ఎల్లో ఫీవర్ టీకాను మన దేశంలో ఏ ఆసుపత్రి పడితే ఆ ఆసుపత్రి వేసి ఈ పుస్తకం ఇవ్వడానికి లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తించిన కేంద్రాలే ఇవ్వాలి. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, ఓడరేవుల్లోని పోర్టు ఆరోగ్య కార్యాలయాలు ఇలాంటివి. మీ ఊరికి దగ్గరిది ఏదో కేంద్ర ఆరోగ్య శాఖ జాబితాలో చూసుకుని, అక్కడికే వెళ్లండి.

పై భాగం: మనిషి వివరాలు

గడుల పట్టికకు పైన పేరు, పుట్టిన తేదీ, స్త్రీ లేక పురుషుడు, జాతీయత, గుర్తింపు పత్రం నంబరు, ప్రయాణికుని సంతకం ఉంటాయి. గుర్తింపు పత్రం దగ్గర మన కేంద్రాల్లో పాస్‌పోర్టు నంబరు రాస్తారు. ఈ భాగాన్ని పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం వేలు పెట్టి చదవండి.

మన ఇళ్లలో ఎక్కువ చిక్కు పేరు దగ్గరే వస్తుంది. తమిళనాడులో స్థిరపడ్డ తెలుగువాళ్లు బడిలో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్‌గా రాయిస్తారు, ఇంటిపేరు రాయరు. పాస్‌పోర్టు దగ్గరకు వచ్చేసరికి ఆ ఇనీషియల్‌ను విడదీసి తండ్రి పేరు మొత్తం రాయమంటారు. మహారాష్ట్రలోని మనవాళ్లకు తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అన్న వరుస అలవాటు. ఆంధ్ర పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఇలా ఒకే మనిషికి ఆధార్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో మరొకటి ఉండటం మన దగ్గర మామూలు. టీకా కేంద్రంలో గుమాస్తా ఆధార్ చూసి రాశాడంటే పుస్తకంలో ఇనీషియల్ పడుతుంది. విమానాశ్రయంలో చూపేది పాస్‌పోర్టు కాబట్టి పుస్తకంలోనూ పాస్‌పోర్టులోని పేరే, ఆ వరుసలోనే, ఉండాలి. కేంద్రానికి వెళ్లేటప్పుడు ఒరిజినల్ పాస్‌పోర్టు తీసుకెళ్లి, "ఇందులో ఉన్నట్టే రాయండి" అని ముందే అడగండి.

ప్రయాణికుని సంతకం గడి ఖాళీగా ఉండకూడదు. పాస్‌పోర్టులో చేసిన సంతకమే ఇక్కడా చేయాలి. తెలుగులో సంతకం చేసేవారు తెలుగులోనే చేయవచ్చు. పుస్తకంలో నింపే వివరాలు ఇంగ్లీషులో గాని ఫ్రెంచిలో గాని ఉండాలన్నది నియమం, సంతకానికి ఆ పట్టింపు లేదు. రాయలేని చిన్న పిల్లల తరఫున తల్లి గాని తండ్రి గాని సంరక్షకులు గాని సంతకం చేస్తారు. పిల్లలకు ఎవరి పుస్తకం వారికే. కుటుంబమంతటికీ కలిపి ఒక పుస్తకం చెల్లదు.

పట్టిక: ఒక్కో గడి

పేరు కింద "ఫలానా రోగానికి టీకా వేయబడింది" అనే అచ్చు వాక్యంలో ఒక ఖాళీ ఉంటుంది. అక్కడ ఎల్లో ఫీవర్ అని రాసి ఉండాలి. కొన్ని పుస్తకాల్లో ఇది ముందే అచ్చువేసి ఉంటుంది. దాని కింద పట్టికలో ఎడమ నుంచి కుడికి ఆరు గడులు: టీకా పేరు, తేదీ, వైద్యుని సంతకం, హోదా, తయారీదారు, బ్యాచ్ నంబరు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చెల్లుతుందో ఆ తేదీలు, కేంద్రం ముద్ర. సంతకాన్ని, హోదాను కలిపి ఒకే గడిగా, తయారీదారును, బ్యాచ్‌ను కలిపి ఒకే గడిగా లెక్కపెట్టండి.

తేదీని అంకెలతో గాక నెల పేరు అక్షరాల్లో రాయాలని పుస్తకంలోనే సూచన ఉంటుంది. దానికి కారణముంది. 03/04/2025 అని రాస్తే మనకది ఏప్రిల్ 3, కొన్ని దేశాలవారికి మార్చి 4. నెల పేరు అక్షరాల్లో ఉంటే ఆ గందరగోళం ఉండదు.

సంతకం దగ్గర మా గుమాస్తా కన్ను మొదట పడుతుంది. టీకాను పర్యవేక్షించిన వైద్యుడు గాని, అధికారం ఉన్న ఆరోగ్య ఉద్యోగి గాని చేత్తో సంతకం చేయాలి. రబ్బరు స్టాంపుతో వేసిన సంతకం చాలదు. కేంద్రం ముద్ర వేరే గడిలో ఉండాలి, అది సంతకానికి బదులు కాదు, సంతకం దానికి బదులూ కాదు. రెండూ ఉండాలి. ముద్రలో కేంద్రం పేరు, ఊరు చదవడానికి వీలుగా పడిందా చూడండి. సిరా అలికిపోయి మచ్చలా మిగిలితే అక్కడే మళ్లీ వేయమని అడగండి.

ఈ పుస్తకంలో ఒక కఠినమైన వాక్యం అచ్చయి ఉంటుంది. ఏ భాగమైనా దిద్దినా, చెరిపినా, నింపకుండా వదిలినా ధ్రువపత్రం చెల్లకుండా పోవచ్చని దాని సారాంశం. ఒక గడి ఖాళీగా ఉందంటే దాన్ని చిన్న విషయంగా తీసుకోకూడదన్నది దీనివల్లే.

బ్యాచ్ నంబరు ఏం చెబుతుంది?

టీకా ఫ్యాక్టరీలో ఒక్కసారిగా తయారైన మందంతా ఒక బ్యాచ్. సీసా మీద తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ వేరువేరుగా ఉంటాయి. పుస్తకంలో రాయవలసింది మొదటి రెండే. ఆ బ్యాచ్‌లో ఏదైనా లోపం తర్వాత తేలినా, టీకా తీసుకున్న మనిషికి ఏదైనా తేడా చేసినా, ఆ మందు ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెతికి పట్టుకోవడానికి ఈ నంబరే దారం.

ఎల్లో ఫీవర్ టీకా పొడి రూపంలో వస్తుంది. దాన్ని కలపడానికి ఇచ్చే ద్రవం వేరే సీసాలో ఉంటుంది. ఆ ద్రవానికి కూడా ఒక బ్యాచ్ నంబరు ఉంటుంది. పొరపాట్లు ఇక్కడే దొర్లుతాయి. ద్రవం నంబరు రాసేస్తారు, లేదా గడువు నెల, సంవత్సరం రాసి అదే బ్యాచ్ అనుకుంటారు. బ్యాచ్ గడిలో నెల, సంవత్సరం మాత్రమే కనిపిస్తే అనుమానించండి. తయారీదారు పేరు లేకుండా నంబరు ఒక్కటే ఉన్నా పుస్తకం అసంపూర్ణమే. కొన్ని కేంద్రాల్లో సీసా మీది చీటీ ఊడదీసి ఈ గడిలో అంటిస్తారు. అది చేతిరాత కన్నా మేలు.

తయారీదారు ఎవరన్నదీ ముఖ్యమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన టీకా వేస్తేనే ఈ ధ్రువపత్రానికి చెల్లుబాటు. ఫ్రాన్సుకు చెందిన సనోఫీ, బ్రెజిల్‌లోని బయో మాంగిన్యోస్, సెనెగల్ రాజధాని డకార్‌లోని పాశ్చర్ సంస్థ, రష్యాలోని చుమకోవ్ సంస్థ ఆమోదం పొందినవి. గుర్తింపు ఉన్న కేంద్రానికి వెళ్లినవారికి ఈ విషయంలో దిగులు అక్కర్లేదు.

కలిపిన మందును చల్లగా ఉంచి ఆరు గంటల్లోపు వాడేయాలి, మిగిలితే పారేయాలి. ఒక సీసాలో చాలామందికి సరిపడా మందు ఉంటుంది. అందుకే కేంద్రాలు వారంలో కొన్ని రోజులే, ముందుగా పేరు నమోదు చేసుకున్నవారిని ఒకేసారి పిలిచి వేస్తాయి. దీనివల్ల మనకొక సరిచూపు దొరుకుతుంది. భార్యాభర్తలు ఒకే రోజు, ఒకే కేంద్రంలో, పక్కపక్కన నిలబడి వేయించుకుంటే, సాధారణంగా ఇద్దరి పుస్తకాల్లో ఒకే బ్యాచ్ ఉంటుంది. వేరుగా ఉంటే తప్పేనని కాదు, మధ్యలో కొత్త సీసా తెరిచి ఉండవచ్చు. కానీ ఒక అక్షరమే తేడా ఉంటే అది రాతలో పొరపాటు అయ్యుంటుంది, అడిగి సరిచేయించుకోవాలి.

పది రోజుల లెక్క

ప్రయాణాలు ఎక్కువగా ఆగేది ఇక్కడ. టీకా వేసిన రోజు నుంచే పుస్తకం చెల్లదు. శరీరంలో రక్షణ తయారయ్యేందుకు పది రోజులు ఇచ్చి, ఆ తర్వాతే చెల్లుబాటు మొదలవుతుందని నిబంధన. వేసిన రోజును లెక్కలోకి తీసుకోకూడదు. తేదీకి పది కలపడమే లెక్క. జూన్ 15న వేయించుకుంటే జూన్ 25 నుంచి చెల్లుతుంది. నెల చివర వేయించుకున్నవారు క్యాలెండరు దగ్గర పెట్టుకుని లెక్కించాలి. జనవరి 28న వేస్తే ఫిబ్రవరి 7 నుంచి.

"నుంచి" గడిలో టీకా వేసిన తేదీనే రాసేయడం తరచుగా జరిగే తప్పు. అలా రాస్తే మనకు లాభమేమీ లేదు. పక్క గడిలోనే టీకా తేదీ ఉంది కాబట్టి, చూసే అధికారి రెండూ పక్కపక్కన చూసి తానే పది కలుపుకుంటాడు. ఆ రోజులు నిండకపోతే అడ్డు చెబుతాడు. మనం చూడవలసింది మనం బయలుదేరే తేదీని కాదు, ఆ దేశంలో దిగే తేదీని. అయినా చెల్లుబాటు మొదలయ్యాకే విమానం ఎక్కడం క్షేమం, ఎందుకంటే ఎక్కే చోట కూడా విమాన సంస్థవారు పుస్తకం అడుగుతారు.

ఎప్పటి వరకు?

ఎల్లో ఫీవర్‌కు ఒక్క మోతాదు చాలు. రెండో మోతాదు తేదీ లేదేమిటని వెతకనక్కర్లేదు. పుస్తకంలో వెనుక పేజీల్లో టైఫాయిడ్, హెపటైటిస్ లాంటి ఇతర టీకాలు రాసుకునే చోటు ఉంటుంది. అక్కడ రెండు, మూడు మోతాదుల తేదీలు కనిపించవచ్చు. వాటిని దీనితో కలపకండి.

పూర్వం ఈ ధ్రువపత్రం పదేళ్లకే చెల్లేది. 2016 జూలై 11 నుంచి నిబంధన మారింది. ఇప్పుడు టీకా తీసుకున్న మనిషి జీవితాంతం చెల్లుతుంది. "వరకు" గడిలో ఇప్పుడు రాయవలసింది "లైఫ్ ఆఫ్ పర్సన్ వ్యాక్సినేటెడ్" అనే మాటలు. ఈ మార్పు పాత పుస్తకాలకూ వర్తిస్తుంది. 2011లో టీకా వేయించుకుని, "వరకు" గడిలో 2021 అని ఉన్న పుస్తకం మీ పెట్టెలో ఉంటే అది ఇప్పటికీ చెల్లుతుంది. పదేళ్లయిందని మళ్లీ టీకా వేయించుకోవాలని ఏ దేశమూ అడగకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మా సభ్యులొకరు ఆ పాత తేదీని కొట్టేసి, పక్కన తమ చేత్తో "లైఫ్" అని రాసుకున్నారు. ఉద్దేశం మంచిదే, పని చెడ్డది. దిద్దుబాటు ఉన్న పుస్తకం చెల్లకపోవచ్చని ముందే చెప్పుకున్నాం కదా. పాత తేదీని అలాగే వదిలేయండి. దాన్ని మార్చవలసిన అవసరమే లేదు.

జీవితాంతం అన్నది ఎల్లో ఫీవర్‌కే. పోలియో చుక్కల పుస్తకాన్ని దీనితో పోల్చకండి. పోలియో ఉన్న కొన్ని దేశాలకు వెళ్లేవారికి మన ప్రభుత్వం చెప్పే చుక్కలు ప్రయాణానికి కనీసం నాలుగు వారాల ముందు వేయించుకోవాలి, వాటి చెల్లుబాటు ఏడాది మాత్రమే.

మన ప్రయాణానికి ఇది సరిపోతుందా?

పుస్తకం తప్పుల్లేకుండా ఉండటం ఒక సంగతి, మన ప్రయాణానికి అవసరమా, సరిపోతుందా అన్నది మరొక సంగతి. దీనికి మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, దిగే దేశం ఏమడుగుతుంది? కొన్ని దేశాలు ఎక్కడి నుంచి వచ్చినా సరే అందరినీ అడుగుతాయి. ఉగాండా, ఘానా అలాంటివి. మరికొన్ని దేశాలు ఎల్లో ఫీవర్ ఉన్న చోటి నుంచి వచ్చేవారినే అడుగుతాయి. మన దేశంలో ఆ రోగం లేదు కాబట్టి నేరుగా వెళితే అలాంటి దేశాలు అడగవు.

రెండోది, మధ్యలో ఎక్కడ దిగుతున్నాం? టికెట్టులో మధ్య మజిలీ అడిస్ అబాబా అయితే, ఇథియోపియా ఎల్లో ఫీవర్ దేశం. దిగే దేశం మనల్ని భారతదేశం నుంచి వచ్చినవాళ్లుగా గాక, ఇథియోపియా మీదుగా వచ్చినవాళ్లుగా లెక్కవేయవచ్చు. మజిలీలో ఎన్ని గంటలు ఉన్నాం, విమానాశ్రయం నుంచి బయటికి వచ్చామా అన్నదాన్ని బట్టి ఒక్కో దేశం నియమం మారుతుంది. కాబట్టి టికెట్టు కొనే ముందే మజిలీ పేరు చూడండి.

మూడోది చాలామంది మరిచిపోయేది: తిరిగి వచ్చేటప్పుడు మన దేశం ఏమడుగుతుంది? ఎల్లో ఫీవర్‌ను మోసే ఏడిస్ దోమ మన ఊళ్లలో కావలసినంత ఉంది, రోగం మాత్రం లేదు. అందుకే రోగం ఉన్న దేశం విడిచిన ఆరు రోజుల్లోపు ఇక్కడ దిగేవారిని, భారతీయులైనా సరే, మన విమానాశ్రయ ఆరోగ్య అధికారులు పుస్తకం చూపమంటారు. సరైన పుస్తకం లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. వేసవి సెలవులకు కొడుకు దగ్గరకు వెళ్లి వచ్చే తల్లిదండ్రులకు ఇది వర్తిస్తుంది. అక్కడి ప్రభుత్వం అడగలేదు కదా అని టీకా లేకుండా వెళ్లినవారు ఇక్కడ దిగినప్పుడు చిక్కుకుంటారు. ఏ దేశాలు ఈ జాబితాలో ఉన్నాయో మారుతూ ఉంటుంది కాబట్టి, ప్రయాణానికి ముందు కేంద్ర ఆరోగ్య శాఖ జాబితాను, వెళ్లే దేశపు రాయబార కార్యాలయం నియమాన్ని రెండింటినీ చూడండి.

ఒక పుస్తకం, మూడు తప్పులు

ఇప్పుడు మొదట చెప్పిన సంగతికి వద్దాం. మా సభ్యుల అబ్బాయికి కంపాలాలో ఒక సంస్థలో లెక్కల ఉద్యోగం దొరికింది. 2025 ఫిబ్రవరి 6, గురువారం నాడు టీకా వేయించుకున్నాడు. ఫిబ్రవరి 9, ఆదివారం సాయంత్రం తల్లి, కొడుకు పుస్తకం తీసుకుని సంఘ కార్యాలయానికి వచ్చారు. "అన్నయ్యగారూ, సోమవారం వీసా దరఖాస్తుతో ఈ పేజీ పంపాలట, ఒకసారి చూసి చెప్పండి" అని ఆమె అడిగారు. టికెట్టు బెంగళూరు నుంచి అడిస్ అబాబా మీదుగా, ఫిబ్రవరి 15న ఎంటెబ్బేలో దిగేట్టు పట్టి ఉంచారు.

మొదట పాస్‌పోర్టు తీయమన్నాం. అందులో అబ్బాయి పేరు, తండ్రి పేరు విడదీసి పూర్తిగా ఉన్నాయి. పుస్తకంలో పేరు, ముందు ఒక ఇనీషియల్ మాత్రమే. ఆధార్ చూసి రాశారన్నమాట. పాస్‌పోర్టు నంబరు సరిపోయింది, పుట్టిన తేదీ సరిపోయింది.

తర్వాత బ్యాచ్ గడి. అందులో తయారీదారు పేరు ఉంది, దాని కింద ఒక నెల, సంవత్సరం ఉన్నాయి. అది సీసా గడువు తేదీ, బ్యాచ్ నంబరు కాదు. అబ్బాయితో పాటు అదే రోజు వేయించుకున్న స్నేహితునికి ఫోన్ చేయించి, అతని పేజీ ఫోటో తెప్పించాం. అతని పుస్తకంలో అక్షరాలు, అంకెలు కలిసిన నంబరు ఉంది. ఇక సందేహం లేకపోయింది.

చివర చెల్లుబాటు గడి. "నుంచి" దగ్గర 6 ఫిబ్రవరి అని ఉంది. ఆరుకు పది కలిపితే పదహారు. అబ్బాయి దిగేది పదిహేనున. ఒక్క రోజు తక్కువ. ఆ పుస్తకం ప్రకారం చూస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అసలు ప్రమాదం అదే. వీసా దరఖాస్తులో ఎవరూ పట్టించుకోకపోయినా, ఎంటెబ్బేలో దిగాక పట్టుబడేవాడు.

తల్లి ముఖం వాడిపోయింది. "ఈ నంబరు మనమే రాసేద్దామా?" అన్నాడు అబ్బాయి. వద్దన్నాం. ఫిబ్రవరి 11, మంగళవారం పాస్‌పోర్టు, పాత పుస్తకం, టీకా రసీదు పట్టుకుని అదే కేంద్రానికి వెళ్లారు. ఏ రోజు ఎవరికి ఏ సీసా నుంచి వేశారో కేంద్రం రిజిస్టరులో ఉంటుంది. దాన్ని చూసి కొత్త పుస్తకం రాసిచ్చారు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు, బ్యాచ్ నంబరు రిజిస్టరులో ఉన్నట్టు, "నుంచి" దగ్గర 16 ఫిబ్రవరి, "వరకు" దగ్గర జీవితాంతం అని. మళ్లీ సూది వేయలేదు, వేయవలసిన పనీ లేదు. టీకా తేదీ ఫిబ్రవరి 6గానే ఉంది. కొత్త పేజీతో దరఖాస్తు పంపి, టికెట్టును ఫిబ్రవరి 20న దిగేట్టు మార్చుకున్నారు. టికెట్టు మార్పుకు కొంత డబ్బు పోయింది. ఆదివారం కాకుండా గురువారమే కేంద్రం గుమ్మం దిగకముందు పుస్తకం తెరిచి చూసి ఉంటే పుస్తకం కోసం రెండోసారి వెళ్లే పని తప్పేది. టికెట్టు మాత్రం ఎలాగూ మార్చవలసిందే, ఎందుకంటే టీకా ఆలస్యంగా వేయించుకున్నారు.

పెద్దవాళ్ల సంగతి

కొడుకు దగ్గరకో, కూతురు దగ్గరకో వెళ్లే అరవై దాటిన వారు మాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. ఇది బతికున్న, బలహీనపరిచిన సూక్ష్మజీవితో చేసిన టీకా. అరవై ఏళ్లు దాటిన వారికి మొదటిసారి వేసేటప్పుడు తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చే అవకాశం, అరుదే అయినా, చిన్నవారి కన్నా ఎక్కువ. కాబట్టి టీకా ముందు డాక్టరుకు తమ మందుల జాబితా చూపించాలి. కోడిగుడ్డు తింటే తీవ్రమైన అలర్జీ వచ్చేవారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి, దాన్ని తగ్గించే మందులు వాడేవారికి సాధారణంగా ఇది వేయరు. తొమ్మిది నెలలు నిండని పసిపిల్లలకూ మామూలుగా వేయరు.

టీకా వేయకూడదని డాక్టరు తేలిస్తే, ఆ కారణాన్ని ఇంగ్లీషులో గాని ఫ్రెంచిలో గాని రాసి, సంతకం చేసి ఇవ్వాలి. ఆ ఉత్తరాన్ని దిగే చోటి అధికారులు పరిగణనలోకి తీసుకోవాలని నిబంధన. అయితే ఉత్తరం ఉన్నంత మాత్రాన రానిస్తారన్న హామీ లేదు. టికెట్టు కొనకముందే ఆ దేశపు రాయబార కార్యాలయానికి ఉత్తరం నకలు పంపి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. తిరుగు ప్రయాణంలో మన విమానాశ్రయంలో ఏమవుతుందో కూడా ముందే విమానాశ్రయ ఆరోగ్య కార్యాలయంలో అడగండి.

పుస్తకం చేతికి రాగానే

కేంద్రం గుమ్మం దిగకముందే, కౌంటరు దగ్గరే నిలబడి చూడండి. పాస్‌పోర్టు పక్కన పెట్టి పేరు, నంబరు, పుట్టిన తేదీ. టీకా పేరు, అక్షరాల్లో రాసిన నెల. చేత్తో చేసిన సంతకం, దానికి వేరుగా చదవడానికి వీలున్న ముద్ర. తయారీదారు, బ్యాచ్ రెండూ. టీకా తేదీకి పది కలిపి "నుంచి" తేదీ. "వరకు" దగ్గర జీవితాంతం. చివరగా మీ సంతకం. రెండు నిమిషాల పని. వెనుక నిలబడ్డవారు విసుక్కున్నా ఫర్వాలేదు, గుమాస్తాను మర్యాదగా అడిగితే అప్పటికప్పుడే కొత్త పేజీ రాసిస్తారు.

ఇంటికి వచ్చాక పేజీని ఫోటో తీసి ఫోన్‌లో ఒకటి, ఇంట్లోవాళ్ల దగ్గర ఒకటి ఉంచండి. విమానాశ్రయంలో అడిగేది ఒరిజినల్‌నే, ఫోటో మాత్రం పుస్తకం పోయినప్పుడు కేంద్రంలో రిజిస్టరు వెతకడానికి పనికొస్తుంది. పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకుంటే నంబరు మారుతుంది. టీకా చెల్లుబాటు మారదు. పాత పాస్‌పోర్టును పారేయకుండా కొత్తదానితో కలిపి తీసుకెళ్లండి, పుస్తకంలోని నంబరు ఎవరిదో అది చూపిస్తుంది.

సంఘ కార్యాలయం ప్రతి ఆదివారం సాయంత్రం తెరిచే ఉంటుంది. పుస్తకం, పాస్‌పోర్టు, టికెట్టు మూడూ తెచ్చుకుంటే కూర్చుని కలిసి చదువుదాం. టికెట్టు డబ్బు కట్టకముందే వస్తే ఇంకా మంచిది.